లిటరేచర్ రివ్యూ అంటే జాబితా కాదు: వరంగల్ పత్తి ఉదాహరణతో సింథసిస్ మ్యాట్రిక్స్

పీజీ డిసర్టేషన్ గానీ, పీహెచ్‌డీ థీసిస్ గానీ తీసి రెండో అధ్యాయం చూడండి. చాలా వాటిలో ఒకే తీరు కనిపిస్తుంది. "ఫలానా వారు (2003) ఇలా అన్నారు. ఫలానా వారు (2005) ఇలా కనుగొన్నారు. ఫలానా వారు (2012) ఇలా అభిప్రాయపడ్డారు." ఇలా ఇరవై పేజీలు నడుస్తుంది. గైడ్ దాని పక్కన "రివ్యూ సరిపోలేదు, తిరిగి రాయండి" అని రాసి పంపుతారు. విద్యార్థి ఇంకో పది పేపర్లు వెతికి ఇంకో పది పేరాలు కలుపుతాడు. జాబితా పొడవైంది తప్ప రివ్యూ కాలేదు.

లోపం పేపర్ల సంఖ్యలో లేదు. చదివినదాన్ని పేపర్ వారీగా పెట్టుకున్నాం కాబట్టి పేపర్ వారీగానే రాశాం. రివ్యూ అడిగేది వేరు. ఈ ప్రశ్న మీద ఇంతవరకు జరిగిన పనులు ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి, ఎందుకు విడిపోతున్నాయి, ఇంకా ఏం తేలలేదు? దీనికి జవాబు ఏ ఒక్క పేపర్‌లోనూ దొరకదు. పేపర్లను పక్కపక్కన పెట్టినప్పుడే దొరుకుతుంది. అలా పెట్టడానికి వాడే సాదా పట్టికే సింథసిస్ మ్యాట్రిక్స్. అడ్డం వరుసల్లో పేపర్లు, నిలువు గడుల్లో మన ప్రశ్నలు ఉంటాయి. దీన్ని నింపేటప్పుడు అడ్డంగా నింపుతాం, రాసేటప్పుడు నిలువుగా చదువుతాం. అసలు కిటుకంతా ఇంతే.

మాటల్లో చెబితే ఇది తేలిగ్గానే ఉంటుంది. చేసేటప్పుడు ఎక్కడ తప్పుతుందో చూడాలంటే నిజమైన ఉదాహరణ కావాలి. అందుకు వరంగల్ కంటే దూరం వెళ్లక్కర్లేదు.

వరంగల్ మీదే ఉన్న సాహిత్యం

మన దేశంలో బీటీ పత్తి సాగుకు 2002 మార్చిలో అనుమతి వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1997-98లో పత్తి దెబ్బతిని రైతుల ఆత్మహత్యలతో వరంగల్ పేరు దేశమంతా వినిపించింది. అందుకే కొత్త విత్తనం ఇక్కడ ఏం చేసిందో చూడటానికి ఆర్థికవేత్తలు, మానవశాస్త్రవేత్తలు, స్వచ్ఛంద సంస్థలు అందరూ వచ్చారు. కొందరు లాభమన్నారు, కొందరు నష్టమన్నారు. సింథసిస్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చదివే విద్యార్థి ఒకరు ఈ ప్రశ్న తీసుకున్నారనుకుందాం: "బీటీ పత్తి వల్ల ఉమ్మడి వరంగల్ జిల్లా చిన్న రైతుకు లాభమైందా?" మొదటి విడతలో చదవాల్సినవి ఐదు పెట్టుకుందాం.

మొదటిది మతిన్ ఖైమ్, డేవిడ్ జిల్బర్‌మన్ 2003లో 'సైన్స్' పత్రికలో రాసినది. రెండోది అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి 2003లో ఇచ్చిన నివేదిక. బీటీ పత్తి వరంగల్‌ను కాపాడిందా అన్న ప్రశ్నే దాని పేరు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దానితో కలిసి పనిచేసే సంస్థలు దాన్ని వెలువరించాయి. మూడోది నాయక్, ఖైమ్, సుబ్రమణియన్, జిల్బర్‌మన్ 2005లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో రాసినది. నాలుగోది అమెరికన్ మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ 2011లో 'వరల్డ్ డెవలప్‌మెంట్'లో వరంగల్ గురించి రాసినది. ఐదోది జోనాస్ కథాగే, మతిన్ ఖైమ్ 2012లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో రాసినది.

గడుల పేర్లు ఎలా పెట్టాలి

ఎక్కువమంది ఇక్కడే జారుతారు. గడులకు "లక్ష్యం, పద్ధతి, ఫలితం, ముగింపు" అని పేర్లు పెడతారు. ఇవి ఏ సబ్జెక్టుకైనా సరిపోయే పేర్లు. అందుకే వాటి నుంచి ఏ వాదనా పుట్టదు, మళ్లీ జాబితానే వస్తుంది. గడి పేరు మీ పరిశోధన ప్రశ్నలోంచి రావాలి. ఈ రెండు పేపర్లు వేర్వేరు మాట చెప్పడానికి ఏం తేడా కారణమై ఉండొచ్చు అని అడగండి. వచ్చిన జవాబే గడి పేరు.

పత్తి విషయంలో దిగుబడిని మార్చేవి మూడు కనిపిస్తాయి. ఏ ఊరు, ఏ ఏడాది అన్నది ఒకటి, ఎందుకంటే వాన, పురుగు ఏటా ఒకేలా ఉండవు. బీటీని దేనితో పోల్చారు అన్నది రెండోది. లెక్క ఎవరి పొలం నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది మూడోది. వీటికి ఫలితం, మిగిలిన ఖాళీ కలపండి. ఖాళీ నమూనా ఇలా ఉంటుంది.

| పేపర్ (రచయిత, ఏడాది) | డేటా ఎక్కడిది, ఏ సీజన్‌ది | దేనితో దేన్ని పోల్చారు | డేటా ఎవరిది | ఏం తేలింది (అంకెతో) | మన ప్రశ్నకు ఏం చెప్పలేదు |
|---|---|---|---|---|---|
| పేపర్ అచ్చైన ఏడాది రాయండి | పంట పండిన ఏడాది రాయండి | పోలిక రెండు వైపులా రాయండి | సేకరించింది ఎవరు, ఖర్చు ఎవరిది | సొంత మాటల్లో, ఒక్క వాక్యం | ఖాళీ వదలొద్దు |

గడులు నాలుగు నుంచి ఆరు చాలు. పన్నెండు పెడితే నింపడంలోనే సెమిస్టర్ గడిచిపోతుంది.

నింపిన మ్యాట్రిక్స్

| పేపర్ | ఎక్కడ, ఎప్పుడు | పోలిక | డేటా ఎవరిది | ఏం తేలింది | ఏం చెప్పలేదు |
|---|---|---|---|---|---|
| ఖైమ్, జిల్బర్‌మన్ 2003 | మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడు, 2001 | అదే రైతు పొలంలో పక్కపక్క మడులు: బీటీ, బీటీ లేని అదే హైబ్రిడ్ | మహికో కంపెనీ ట్రయల్స్ | దిగుబడి 80 శాతం దాకా ఎక్కువ | ఆంధ్రప్రదేశ్ లేదు, ట్రయల్ మడులు, ఒకే ఏడాది |
| ఖయ్యూం, సక్కరి 2003 | వరంగల్ జిల్లా. ఖరీఫ్ 2002 | బీటీ వేసిన రైతులు, వేయని రైతులు | జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంస్థలు | బీటీ రైతులకే దిగుబడి, ఆదాయం తక్కువ | కరువు ఏడాది ఒక్కటే. రెండు గుంపుల రైతులు ఒకలాంటివారేనా? |
| నాయక్ తదితరులు 2005 | మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు. 2002-03 | రైతుల బీటీ పొలాలు, మామూలు పొలాలు | పరిశోధకుల సొంత సర్వే | మిగతా మూడు రాష్ట్రాల్లో లాభం, ఆంధ్రప్రదేశ్‌లో లేదు | ఒకే సీజన్ |
| స్టోన్ 2011 | వరంగల్ జిల్లా గ్రామాలు. 2003, 2007 | అప్పుడు, ఇప్పుడు | పరిశోధకుడి సొంత ఫీల్డ్‌వర్క్ | దిగుబడి 18 శాతం పెరిగింది, పురుగుమందు పిచికారీలు 55 శాతం తగ్గాయి | పెరుగుదలలో బీటీ వాటా ఎంత? |
| కథాగే, ఖైమ్ 2012 | అవే నాలుగు రాష్ట్రాలు. 2002-2008 | రైతు కుటుంబాలను మళ్లీ మళ్లీ సర్వే చేశారు | పరిశోధకుల సొంత సర్వే | ఎకరానికి దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం ఎక్కువ | నాలుగు రాష్ట్రాల మొత్తం లెక్క. 2008 దగ్గర ఆగింది |

నింపేటప్పుడు రెండు విషయాలు మరచిపోవద్దు.

మొదటిది, అబ్‌స్ట్రాక్ట్ చూసి గడి నింపొద్దు. ఫలితం అబ్‌స్ట్రాక్ట్‌లో ఉంటుంది గానీ పోలిక, డేటా, పరిమితులు లోపల పద్ధతి భాగంలోనే దొరుకుతాయి. మన రివ్యూకు పనికొచ్చేవి అవే.

రెండోది, గడిలో కాపీ-పేస్ట్ చేయొద్దు. పేపర్ మూసేసి, చదివింది మీ మాటల్లో రాయండి. ఇంటర్, డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివినవాళ్లు గడులు అదే భాషలో నింపుకుంటే ఇంకా మంచిది. థీసిస్ ఇంగ్లిష్‌లో రాయాల్సి వచ్చినా ఫర్వాలేదు. మీకు వచ్చిన భాషలో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ పేపర్ ఇంకా అర్థం కాలేదన్నమాట. పైగా గడిలో ఇంగ్లిష్ వాక్యం లేకపోతే అది థీసిస్‌లోకి జారే అవకాశమే లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. అది దాటి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది తిరిగి ఇవ్వాలి. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అబ్‌స్ట్రాక్ట్‌లు అతికించి కట్టిన రెండో అధ్యాయం ఈ లెక్కలో తేలిగ్గా దొరికిపోతుంది.

ఇప్పుడు నిలువుగా చదవండి

పేపర్ పేర్లున్న గడిని చేత్తో కప్పేసి మిగతా గడులు పైనుంచి కిందికి చదవండి. జాబితాలో కనిపించని సంగతులు బయటపడతాయి.

"ఎక్కడ, ఎప్పుడు" గడి చూడండి. 80 శాతం లాభమన్న పేపర్‌లో వరంగల్ లేదు, అసలు ఆంధ్రప్రదేశే లేదు. నష్టమన్న నివేదికలో వరంగల్ తప్ప ఇంకోటి లేదు, అదీ కరువు ఏడాది. ఈ రెండూ కొట్లాడుకుంటున్నాయని రాయడం తేలిక. కానీ అవి ఒకే ప్రశ్నకు రెండు జవాబులు కావు, రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఇదే గడిలో తెలంగాణ విద్యార్థికి ఇంకో జాగ్రత్త ఉంది. ఈ పేపర్లలో "ఆంధ్రప్రదేశ్" అంటే 2014కు ముందున్న ఉమ్మడి రాష్ట్రం. "వరంగల్" అంటే 2016కు ముందున్న పాత జిల్లా. నేటి హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు ప్రాంతాలు అందులోనివే. పాత లెక్కను నేటి వరంగల్ జిల్లా లెక్క పక్కన పెడితే పోలిక తప్పుతుంది.

"పోలిక" గడి చూడండి. 80, 18, 24 అనే మూడు అంకెలున్నాయి. చాలామంది వీటికి సగటు తీసి "సుమారు 40 శాతం లాభం" అని రాసేస్తారు. అది తప్పు. 80 అనేది ఒకే పొలంలో పక్క మడితో పోల్చిన అంకె. 18 అనేది నాలుగేళ్ల కిందటితో పోల్చిన అంకె. 24 అనేది ఎరువు, నీరు లాంటి మిగతా కారణాలను గణాంక పద్ధతిలో వేరు చేశాక మిగిలిన అంకె. కొలబద్దలు మూడు రకాలు కాబట్టి వీటిని కలపడం కుదరదు. పక్కపక్కన పెట్టి తేడా ఎందుకో చెప్పాలి.

"డేటా ఎవరిది" గడిలో ఒకవైపు కంపెనీ ట్రయల్స్, ఇంకోవైపు ఆ పంటను వ్యతిరేకించే సంస్థలు ఉన్నాయి. అంతమాత్రాన ఏదో ఒకటి అబద్ధమని కొట్టేయకూడదు. ఆ విషయం పాఠకుడికి చెప్పి, మూడో చోటి నుంచి ఆధారం ఉందా అని చూడాలి. ఇక్కడ ఉంది. నాయక్ బృందంలో ఖైమ్, జిల్బర్‌మన్ ఇద్దరూ ఉన్నారు. అదే జట్టు 2002లో ఆంధ్రప్రదేశ్‌లో లాభం కనబడలేదని ఒప్పుకోవడం వల్ల వరంగల్ నివేదికకు బలం వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఈ గడే చెబుతుంది. మూడో పేపర్, ఐదో పేపర్ రెండు వేర్వేరు సాక్ష్యాలు కావు. 2002లో మొదలైన ఒకే సర్వేలో మొదటి విడత 2005 పేపర్‌లో, అన్ని విడతలు కలిపి 2012 పేపర్‌లో వచ్చాయి. "రెండు అధ్యయనాలు సమర్థిస్తున్నాయి" అని రాస్తే ఒకే సాక్షిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. వైవాలో ఎగ్జామినర్ పట్టుకునేది సరిగ్గా ఇలాంటిదే.

ఉదాహరణ పేరా

ముందు జాబితా పద్ధతిలో రాసినది చూడండి:

> ఖైమ్, జిల్బర్‌మన్ (2003) బీటీ పత్తి దిగుబడి 80 శాతం ఎక్కువని కనుగొన్నారు. ఖయ్యూం, సక్కరి (2003) వరంగల్‌లో బీటీ రైతులు నష్టపోయారని తెలిపారు. నాయక్ తదితరులు (2005) నాలుగు రాష్ట్రాల్లో సర్వే చేశారు. స్టోన్ (2011) దిగుబడి 18 శాతం పెరిగిందన్నారు. కథాగే, ఖైమ్ (2012) 24 శాతం పెరిగిందన్నారు.

ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ చదివినవాడికి బీటీ వల్ల మేలైందో కీడైందో తెలియదు. ఇప్పుడు మ్యాట్రిక్స్ నుంచి రాసినది:

> బీటీ పత్తిపై తొలి అధ్యయనాలు పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి. అయితే వాటి డేటా ఒకే చోటిది కాదు, ఒకే సీజన్‌ది కూడా కాదు. 80 శాతం దాకా పెరుగుదల చూపిన లెక్క 2001లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడుల్లోని కంపెనీ ట్రయల్ మడుల నుంచి వచ్చింది (ఖైమ్, జిల్బర్‌మన్ 2003). నష్టం చూపిన లెక్క 2002 కరువులో వరంగల్ రైతుల పొలాల నుంచి వచ్చింది (ఖయ్యూం, సక్కరి 2003). అదే సీజన్‌లో నాలుగు రాష్ట్రాలను చూసిన సర్వేకు కూడా ఆంధ్రప్రదేశ్‌లో లాభం కనబడలేదు. అప్పట్లో బీటీ కొద్ది హైబ్రిడ్‌లలోనే దొరికేదని, అవి ఇక్కడి వర్షాభావానికి తగినవి కావని ఆ సర్వే వివరించింది (నాయక్ తదితరులు 2005). ఈ వివరణ సరైనదైతే, హైబ్రిడ్‌ల సంఖ్య పెరిగాక వరంగల్‌లోనూ ఫలితం మారి ఉండాలి. 2003, 2007 సీజన్‌ల మధ్య ఈ జిల్లాలో దిగుబడి 18 శాతం పెరగడం, పిచికారీలు 55 శాతం తగ్గడం దీనికి అనుగుణంగానే ఉన్నాయి. పైగా సమాచారం తక్కువగా అందే పేద రైతులకే పెరుగుదల ఎక్కువగా దక్కింది (స్టోన్ 2011). కానీ ఇది కాలంతో చేసిన పోలిక కాబట్టి అందులో బీటీ వాటాను విడదీయలేం. రైతు కుటుంబాలను 2002 నుంచి 2008 వరకు మళ్లీ మళ్లీ కలిసిన అధ్యయనం ఆ వాటాను 24 శాతంగా లెక్కగట్టింది, అయితే అది నాలుగు రాష్ట్రాల మొత్తానికి (కథాగే, ఖైమ్ 2012). కాబట్టి 2008 వరకు లాభం ఉందన్న వైపే ఆధారాలు మొగ్గుతున్నాయి. ఆ లాభం వరంగల్ చిన్న రైతుకు ఆ తర్వాత నిలిచిందా అన్నది ఈ అధ్యయనాల నుంచి తేలదు.

ఇక్కడ వాక్యాలు రచయితల పేర్లతో మొదలవడం లేదు. పేర్లు చివర సాక్షుల్లా నిలబడ్డాయి. ఒక వాక్యం లేవనెత్తిన సందేహానికి తర్వాతి వాక్యం జవాబిస్తోంది. చివరి వాక్యంలో పరిశోధన ఖాళీ దానంతట అదే వచ్చి నిలిచింది. దాన్ని ఎక్కడి నుంచో తెచ్చి అతికించలేదు.

ఆరో పేపర్ వస్తే?

నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు గతంలో డైరెక్టర్‌గా ఉన్న కేశవ్ క్రాంతి, స్టోన్‌తో కలిసి 2020లో 'నేచర్ ప్లాంట్స్'లో ఒక పేపర్ రాశారు. దేశం మొత్తం మీద దాదాపు ఇరవై ఏళ్ల లెక్క అది. పురుగుమందు వాడకం మొదట తగ్గినా గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడం నేర్చుకుందని, 2018 నాటికి రైతులు మందుల మీద బీటీ రాకముందు కంటే ఎక్కువే ఖర్చు పెడుతున్నారని అందులో చెప్పారు.

జాబితా రాసినవాళ్లు ఇక్కడ చివర ఒక వాక్యం తగిలిస్తారు. మ్యాట్రిక్స్ ఉన్నవాళ్లు కొత్త అడ్డం వరుస నింపి, మళ్లీ నిలువుగా చదువుతారు. అప్పుడు "ఎప్పుడు" గడి ముందుకొస్తుంది. 2008 దగ్గర ఆగిన పేపర్లు లాభం చూశాయి, 2018 దాకా వెళ్లినది ఆ లాభం కరిగిపోవడం చూసింది. కాబట్టి పేరా మొదటి వాక్యమే మారాలి. "లాభమా, నష్టమా" అన్న ప్రశ్న కాస్తా "ఎన్నేళ్లు లాభం" అవుతుంది. ఈ పేపర్ దేశం మొత్తానిది కాబట్టి వరంగల్ ఖాళీ అలాగే ఉంది, పైగా ఇంకా పదునెక్కింది. విద్యార్థి చేయబోయే సర్వేకు కారణం అదే.

ఒక్క హద్దు మాత్రం గుర్తుంచుకోండి. మ్యాట్రిక్స్‌లో గడి ఖాళీగా ఉందంటే "ఎవరూ పరిశోధించలేదు" అని అర్థం కాదు, "నేను చదివిన ఆరింటిలో లేదు" అని మాత్రమే. ఖాళీ ఉందని రాసే ముందు ఆ గడి మాటలతోనే మళ్లీ వెతకండి. శోధ్‌గంగలో మన యూనివర్సిటీల పాత థీసిస్‌లు కూడా చూడండి. వాటిలోని రివ్యూ దించుకోవడానికి కాదు, మీరు అనుకున్న ఖాళీని ఎవరైనా ముందే నింపారా అని చూడటానికి.

క్లాసులో చెప్పేవారికి

ఇరవై పేపర్లతో మొదలుపెట్టొద్దు, ఐదు చాలు. మొదటి క్లాసులో రెండు వరుసలు బోర్డు మీద అందరూ కలిసి నింపండి. గడి పేర్లు విద్యార్థులే చెప్పాలి. మిగతా మూడు ఇంటి దగ్గర నింపుకొస్తారు. రెండో క్లాసులో ఒక్క నిలువు గడి మీద ఒక్క పేరా, అక్కడే కూర్చుని రాయించండి.

దిద్దేటప్పుడు రెండు పరీక్షలు చాలు. ఒకటి, వాక్యాల మొదట్లో రచయితల పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో గీత గీయండి. సగానికి మించితే అది అడ్డంగా రాసిన పేరా. రెండోది, ఏవైనా రెండు వాక్యాల స్థానాలు మార్చి చదవండి. పేరా ఏమీ చెడకపోతే వాటి మధ్య సంబంధం రాయలేదన్నట్టే. ఆ పేరాను తిప్పి పంపండి. దాంతోపాటు మ్యాట్రిక్స్ కూడా తెమ్మనండి. లోపం దాదాపు ప్రతిసారీ భాషలో కాదు, నింపకుండా వదిలేసిన "పోలిక" గడిలోనే దొరుకుతుంది.